పెట్టె మూతకు అంటించిన బొమ్మ

మూడో తరగతి పూర్తికాకముందే నన్ను బడి మాన్పించారు. అయినా మా ఇంట్లో చదువు వచ్చినదంటే నేనే. మా ఆయనకు సంతకం తప్ప ఏమీ రాదు. కరెంటు బిల్లు, పాసుపుస్తకం, ఎరువు సంచి మీది రాత, పెళ్లి పత్రిక, ఏది వచ్చినా నా చేతికే ఇచ్చేవాడు. నేను వేలు పెట్టి, కూడబలుక్కుని, పైకి చదివేదాన్ని. పెద్ద అక్షరాలు చదివేదాన్ని. చిన్నవి వదిలేసేదాన్ని. అవసరమైన మాటే అయితే పెద్దగానే రాసి ఉంటారు కదా అని నా నమ్మకం. ఆ నమ్మకం మా ఇంట్లో ఏం చేసిందో రాస్తాను.

మాది పుంగనూరు పక్కన మెట్ట పల్లె. రెండెకరాలు, బోరులో నీళ్లున్నంత వరకు టమాటా, నాలుగు ఆవులు. కొడుకు లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో నేను, మా ఆయన, కోడలు. వయసులో ఉన్నప్పుడు మా ఆయన మదనపల్లెలో వేరుశనగ మిల్లులో పని చేశాడు. అక్కడే పడుకునేవాడు. ఆ మిల్లులో పని చేసే మగవాళ్లందరికీ తలా ఒక ఇనుప పెట్టె ఉండేదట. మూత లోపలివైపు ఎవడి హీరో బొమ్మలు వాడు అంటించుకునేవాడట. కొత్త సినిమా వచ్చిన రోజు మూతలు తెరిచి వరసగా నిలబెట్టి కర్పూరం వెలిగించేవాళ్లట. పెళ్లయి నేను వచ్చేటప్పటికి మా ఆయన పెట్టె మూత మీద వేలెడు జాగా లేదు. అగ్గిపెట్టె బొమ్మలు, క్యాలెండరు బొమ్మలు, గోడ మీద నుంచి చింపుకొచ్చిన పోస్టరు ముక్కలు, అన్నీ ఒకే మనిషివి. కత్తి పట్టుకుని ఒకటి, గుర్రం మీద ఒకటి, ఏడుస్తూ ఒకటి. నా బట్టలు అదే పెట్టెలో పెట్టుకోవాల్సి వచ్చింది. తెరిచిన ప్రతిసారీ ఆ మనిషి నా మొహంలోకి చూసేవాడు.

మా ఆయనకు చక్కెర జబ్బు ఉంది. పుంగనూరు డాక్టరు రోజుకు రెండు మాత్రలు రాశాడు. ఏడేళ్లు క్రమం తప్పకుండా మింగాడు. నేనే నెలనెలా కొనుక్కొచ్చి, పూటపూటకూ లెక్కగా ఇచ్చేదాన్ని. జబ్బు ఉన్నట్టే తెలిసేది కాదు.

అప్పుడు టీవీలో ఆ ప్రకటన మొదలైంది. ఆ హీరో ముసలివాడయ్యాడు కానీ జుట్టు మాత్రం నల్లగానే ఉంది. తోటలో కుర్చీ వేసుకుని కూర్చుని, గ్లాసులో ఏదో పొడి కలుపుకుని తాగి, మూతి తుడుచుకుని చెప్పేవాడు. తాను రోజూ పొద్దున ఒక చెంచా తాగుతానని, తొంభై రోజుల్లో చక్కెర మాయమవుతుందని, మాత్రలకు సెలవు చెప్పమని. చివర గుండె మీద చెయ్యి పెట్టుకుని "పూచీ నాది" అనేవాడు. పాత సినిమాలో చెల్లెలికి మాట ఇచ్చేటప్పుడు కూడా ఇట్లాగే గుండె మీద చెయ్యి పెట్టాడని మా ఆయన మురిసిపోయాడు.

నేను సినిమా వాళ్లను నమ్మే దాన్ని కాదు. నన్ను పట్టుకున్నది వేరే. మూడు డబ్బాలు కొంటే ఒకటి ఊరికే ఇస్తారని, గుణం కనపడకపోతే డబ్బు వాపసు అని ప్రకటన కింద రాసి ఉంది. పెద్ద అక్షరాలే.

మదనపల్లెలో మూలికల మందుల అంగడికి నేనే వెళ్లాను. అంగడాయన బిల్లు రాయబోయి ఆగి, బిల్లు కావాలంటే ట్యాక్సు పడతాదమ్మా, లేకుంటే రొంత తగ్గిస్తా అన్నాడు. నేను తగ్గించుకున్నాను. ఆ తగ్గించినందుకు బస్సు దిగేదాకా సంతోషపడ్డాను. అయితే ఒకటి, ఎవరో వేరే చోట కొన్న డబ్బాలు తెచ్చి వాపసు అడుగుతున్నారని, ప్రతి డబ్బా కాగితం మీదా తన అంగడి రబ్బరు ముద్ర వేసి ఇచ్చాడు. దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి డబ్బా చుట్టూ ఉన్న కాగితం చదివి వినిపించాను. హీరో బొమ్మ, దాని పక్కన టీవీలో చెప్పిన మాటలే. అడుగున చీమల బారులాగా చిన్న అక్షరాలు, అవీ ఇంగ్లీషు. అవి ఏందని మా ఆయన అడిగాడు. కంపెనీ చిరునామా అయ్యుంటుందిలే అన్నాను. నాకు తెలియదు అని చెప్పడం నాకు అలవాటు లేదు.

ఆ రాత్రి అన్నం తిని ఆయన మాత్రల కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"మాత్రా, పొడీ రెండూ యాల? ఒకటి సాలదా?" అన్నాను.

"డాక్టరును ఒక మాట అడిగితే బాగుండేమో మే."

"ఆయన మాట వింటే ఫీజు. ఈయన మాట ఊరికే వస్తాండాది. మీ దేవుడే కదా సెప్పేది."

ఆయన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మరుసటి రోజే ఇంట్లో మిగిలిన మాత్రల అట్టలు, విప్పనివి, తీసుకుపోయి మందుల అంగట్లో వెనక్కిచ్చేశాను. అంగట్లో పిల్ల, ఎందుకవ్వా అని అడిగింది. జబ్బు తగ్గిపోయింది అని చెప్పాను. ఇంకా మొదటి చెంచా కూడా తాగలేదు.

మొదటి డబ్బా అయిపోయినప్పుడు దాని మీది కాగితం ఆయన అడిగి తీసుకున్నాడు. బ్లేడుతో అంచు కూడా చెడకుండా ఊడదీసి, మైదా ఉడికించి, పెట్టె మూత మధ్యలో, కత్తి పట్టిన బొమ్మ మీదే అంటించాడు. మిగతా డబ్బాలు ఖాళీ అయ్యేకొద్దీ నేను తీసుకున్నాను. మంచి డబ్బాలు. వేడినీళ్లలో నానబెట్టి, కాగితాలు గీకేసి, బూడిదతో తోమి, ధనియాలకు ఒకటి, కారానికి ఒకటి, చింతపండుకు ఒకటి పెట్టుకున్నాను. అడుగున ఏవో అంకెలు ముద్రించి ఉంటే అవి కూడా పోయేదాకా తోమాను.

రెండో నెలలో ఆయన బక్కచిక్కడం మొదలైంది. పంచె నిలవడం లేదని నవ్వాడు. జబ్బు కరుగుతున్నదన్నాను. బిందెడు నీళ్లు ఒక్కడే తాగేస్తున్నాడని కసిరాను. మోసుకొచ్చేది నేను కదా. స్నానాల గది గడప దగ్గర చీమలు బారులు తీరాయి. ఆయన పోసిన చోటికే వస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, చక్కెర ఉన్నవాడి ఉచ్చకు చీమలు పడతాయని. నేను చీమల మందు కొనుక్కొచ్చి చల్లాను.

ఒకరోజు టమాటా తోటలో కట్టెపుల్ల ఒకటి ఆయన అరికాలిలో దిగింది. చెప్పును చీల్చుకుని దిగినా ఆయనకు తెలియలేదు. సాయంత్రం చెప్పు విప్పితే నెత్తురు చూసి కోడలు అరిచింది. పసుపు, సున్నం పెట్టి కట్టాను. నొప్పి లేదన్నాడు. నొప్పి లేదంటే మంచిదే అనుకున్నాను. వారానికి వేళ్లు నల్లబడ్డాయి. ఇంట్లో వాసన వచ్చింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, అత్తా, ఇంక నువ్వు సెప్పినా వినేది లేదు అని, వాళ్ల అన్న ఆటో పిలిపించి కుప్పం దగ్గర పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ డాక్టరమ్మ సూది గుచ్చి చక్కెర చూసి, ఏం మాత్రలు వాడతాండాడు అని అడిగింది.  నేను సంచిలో నుంచి డబ్బా తీసి చూపించాను. అది చింతపండు డబ్బా. దారిలో తినడానికి పులిహోర కలుపుకొచ్చాను అందులో. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇందులో ఏముంది, పేరేది అంది. పేరు నేను తోమేశాను.

మొదట వేళ్లు తీశారు. పన్నెండు రోజులకు మోకాలి కింద వరకు తీశారు.

తీసిన మూడో రోజు, వార్డులో గోడకున్న టీవీలో ఆ ప్రకటన వచ్చింది. తోట, కుర్చీ, గ్లాసు. వార్డులో సగం మంది చక్కెర పుండ్లవాళ్లే. అందరూ తలెత్తి చూశారు. పక్క మంచం ముసలాయన, ఆ పొడి మా వాళ్లకు కూడా తెప్పించాలప్పా అన్నాడు. మా ఆయన కళ్లు తెరిచి, సౌండు రొంత పెంచమ్మా అని నర్సును అడిగాడు. ఆమె పెంచింది. "పూచీ నాది" అని ఆ మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకునేదాకా చూసి, మా ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక నేను మదనపల్లె అంగడికి పోయాను. గుణం కనపడలేదు, డబ్బు వాపసు ఇవ్వమన్నాను. అంగడాయన నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"బిల్లు ఉండాదా అమ్మా?"

"నువ్వే కదప్పా వద్దంటివి."

"నేను ఎవురికీ వద్దనను. బిల్లు లేకుంటే నువ్వు ఈడ కొన్నట్టు నాకెట్ల తెలుస్తాది? తాతకు ఎట్లుండాది ఇప్పుడు?"

కాలు తీసేశారని చెప్పాను. అయ్యో అని, పక్కనున్న చేతికర్రల అంగడి చూపించాడు. మా తమ్ముడిదే, నా పేరు చెప్పు, తగ్గిస్తాడు అన్నాడు. కొన్నాను. తగ్గించుకున్నాను కూడా. ఆ కర్ర సంగతి మళ్లీ వస్తుంది.

ఇంటికి తిరిగొచ్చాక కోడలు చెప్పగా తెలిసింది, మదనపల్లెలో వినియోగదారుల సంఘమని ఒకటి ఉంది. ఒక రిటైర్డు మాస్టరు నడుపుతాడు. లెక్కల మాస్టరు, మాట కటువు. నేను చెప్పిందంతా విని, నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. బిల్లు వద్దన్నందుకు, డబ్బాలు తోమినందుకు, మాత్రలు వెనక్కిచ్చినందుకు. నన్ను అట్లా తిట్టిన మగవాడు మా నాన్న తర్వాత ఆయనే. తిట్టడం అయ్యాక కాగితం తీసుకున్నాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. అబద్ధపు ప్రకటన, బిల్లు ఇవ్వకపోవడం, వాపసు ఇస్తామని ఇవ్వకపోవడం, మూడూ చట్టంలో తప్పులే. నష్టపరిహారానికి మా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వెయ్యాలి. చిత్తూరులో ఉంటుంది. కంపెనీ ఏ ఊర్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వెయ్యవచ్చు. కొన్న వస్తువు చిన్నది కాబట్టి ఫీజు కూడా లేదు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. ఫీజు లేదన్న మాట నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. హీరో సంగతి వేరు. ప్రకటనలో నటించినవాడికి జరిమానా వేసేది, ఏడాది పాటు ఏ ప్రకటనలోనూ కనపడకూడదని ఆపేది ఢిల్లీలో ఉండే కేంద్ర ప్రాధికార సంస్థ. దానికి కలెక్టరు ద్వారా కూడా రాసుకోవచ్చు. తాను చెప్పేది నిజమా కాదా అని ముందే తగినట్టు విచారించుకుని ఉంటే హీరోను వదిలేస్తారు. విచారించుకోకపోతే వదలరు.

రెండూ రాద్దామన్నాడు, చిత్తూరు ఫిర్యాదులో కూడా హీరో పేరు చేరుద్దామన్నాడు. రాసేటప్పుడు ఒక చోట ఆగాడు.

"మాత్రలు ఆపింది ఎవరని రాయమంటావు?"

"నేనే ఆపినాను."

"ఆ కాగితం సెలవు చెప్పమన్నందుకే ఆపినావు కాబట్టి ఆ మాట మనకు బలం. కానీ దాంతోనే నిన్నూ కొడతారు. అందులో అబద్ధం రాయను. అయితే నువ్వు చెప్పినంతే రాస్తాను."

"అంగట్లో వెనక్కిచ్చింది కూడా రాయప్పా."

ఆయన నా వైపు చూసి రాశాడు. ప్రమాణపత్రం కింద సంతకం పెట్టాను. అబద్ధం చెప్పకూడదని నేను అందరినీ తిట్టిన దాన్ని, నా వంతు వచ్చినప్పుడు ఎట్లా తప్పుకుంటాను.

ఇంక సాక్ష్యం కావాలన్నాడు. బిల్లు లేదు, డబ్బా మీద పేరు లేదు, అంకెలు లేవు. ఒక్క కాగితమైనా మిగల్లేదా అని అడిగాడు. మిగిలింది. అంగడి ముద్రతో, చిన్న అక్షరాలతో, అంచు కూడా చెడకుండా మిగిలింది. పెట్టె మూత మధ్యలో.

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. కేసు వేస్తున్నామంటే ఊరికే విన్నాడు. కంపెనీ మీద అంటే తల ఊపాడు. హీరో మీద కూడా అన్నాక లేచి కూర్చున్నాడు.

"ఆయన మీద యాల? ఆయనేం జేసినాడు?"

"పూచీ నాది అన్యాడు కదా. ఇప్పుడు తీసుకోనీ."

"కంపెనీవోళ్లు ఆయన్ను కూడా మోసం జేసింటారు మే. ఆయన అట్లాంటోడు కాదు."

మూత కావాలని చెప్పాను. నానబెట్టి ఊడదీస్తే చినుగుతుంది, మాస్టరు వద్దన్నాడు, మూతనే తీసుకుపోవాలి అన్నాను. ఆయన మంచం మీద నుంచే పెట్టె మీదికి వంగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాలు వాళ్లు కోసిరి. మొగం నువ్వు కోస్తావా?"

అప్పటికి మాస్టరే వచ్చి మూతకు ఫొటోలు తీసుకుపోయి, వాటితోనే కేసు వేశాడు. అసలుది తెమ్మన్న వాయిదా రోజు పొద్దున ఆయన ఇంకా పడుకుని ఉండగా, ముందు చేతికర్ర తీసుకుపోయి వాకిట్లో పశువుల కొయ్యకు ఆనించాను. తర్వాత పెట్టెను నడవలోకి ఈడ్చి, కొడవలి మొనతో మూత బందులు పీకాను. చప్పుడుకు ఆయన లేచాడు. కర్ర కోసం మంచం పక్కన తడిమాడు. లేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడబోయి, లేని కాలు కింద పెట్టి, బోర్లా పడ్డాడు. కోడలు పరుగెత్తింది. నేను రెండో బందు కూడా పీకేసి లేచాను. అట్లా ఎందుకు చేశానంటే, ఆ పూట మొదటి బస్సు తప్పితే చిత్తూరు చేరేటప్పటికి వాయిదా అయిపోతుంది. అది నిజమే. ఇంకొకటి కూడా నిజం. ఆ మనిషి మొహం మా ఇంట్లో నుంచి పోవాలని నాకు నలభై ఏళ్లుగా ఉంది.

మూతను పాత చీరలో చుట్టి బస్సెక్కాను. పలమనేరు దగ్గర కండక్టరు, ఏందవ్వా, ఎవురింటి తలుపు పెరుక్కోనొచ్చినావు అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. లగేజీ టికెట్టు అడుగుతాడేమోనని భయపడుతున్నాను.

కమిషన్ అంటే నేను సినిమాలో కోర్టులాగా అనుకున్నాను. మామూలు గది, ఫ్యాను, ఫైళ్లు, ఎత్తు మీద బల్ల, దాని వెనక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. కంపెనీకి ఒక వకీలు, అంగడాయనకు ఒకరు, హీరోకు హైదరాబాదు నుంచి ఒకరు. మాకు మాస్టరు. ఫొటోలు ముందే ఇచ్చాడు కానీ అంగడాయన వాటిలోని ముద్ర తనది కాదన్నందుకు అసలుది తెమ్మన్నారు. నేను చీర విప్పి మూత బల్ల మీద నిలబెట్టాను. గుర్రం మీద, ఏడుస్తూ, నవ్వుతూ, ఇన్ని మొహాలు చూసి కంపెనీ వకీలు నోటికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. హీరో వకీలు మాత్రం దగ్గరికొచ్చి, పాతవి బాగుండాయి అన్నాడు.

ముద్ర చూశాక అంగడాయన వకీలు ఇంక కొనలేదనలేదు. కంపెనీ వకీలు చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. ఇది మందు కాదని, ఏ జబ్బునూ నయం చెయ్యదని, డాక్టరును అడిగి వాడాలని అక్కడ స్పష్టంగా రాసి ఉందన్నాడు. అధ్యక్షుడు నన్ను పిలిచి చదవమన్నాడు. నేను వేలు పెట్టి పెద్దవి చదివాను. తొంభై రోజుల్లో చక్కెర మాయం. మాత్రలకు సెలవు. అక్కడ ఆపాను.

"కింద ఉన్నది?"

"అది ఇంగ్లీషు సార్. నాకు రాదు."

ఆయన వకీలు వైపు తిరిగి, ఆశ తెలుగులో పెట్టి జాగ్రత్త ఇంగ్లీషులో పెట్టింది ఎవరి కోసం అని అడిగాడు. పైన నయమవుతుందని చెప్పి కింద కాదని చెబితే కింది మాట చెల్లదని, ఏ భాషలో గొప్ప చెప్పారో ఆ భాషలోనే హెచ్చరిక ఉండాలని నియమం ఉందన్నాడు. ఆ ఒక్క నిమిషం నాకు చాలా బాగుంది. నా జీవితంలో నేను చదవలేకపోవడం పనికొచ్చింది ఆ ఒక్కసారే.

తర్వాత హీరో వకీలు లేచాడు. ఆయన నటుడు మాత్రమేనని, కంపెనీ ఇచ్చిన ఒక వైద్యుడి ఉత్తరం నమ్మాడని అన్నాడు. సభ్యురాలు ఒకామె, రోజూ తాగుతానని చెప్పాడు కదా, ఆయనకు ఎంత కాలంగా జబ్బు అని అడిగింది. వకీలు కాగితాలు తిరగేసి, తమ కక్షిదారుకు చక్కెర జబ్బు లేదని, ఆ పొడి ఆయన వాడలేదని, అది రాసిచ్చిన డైలాగని చెప్పాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. గుచ్చుకోవాలనే చెప్పాను. ఆయన ముఖానికి కట్టు కట్టి ఉంది, పొద్దున పడినప్పుడు పగిలింది. 

"ఆయనకు సుగరు లేదా. మంచిదేలే," అన్నాడు.

ఢిల్లీ నుంచి ఉత్తర్వు ముందు వచ్చింది. వాళ్లు విచారణ జరిపించి, అందరినీ పిలిచి విని, ప్రకటన ఆపమన్నారు. కంపెనీకి జరిమానా. హీరోకు కూడా జరిమానా, ఏడాది పాటు ఏ వస్తువుకూ ప్రకటన చెయ్యకూడదని నిషేధం. కంపెనీ రాయించుకున్న ఒక్క ఉత్తరం చూసి ఊరుకోవడం విచారించుకోవడం కాదన్నారు. జరిమానా మాకు వస్తుందా అని మాస్టరును అడిగాను. రాదు, సర్కారుకు పోతుంది అన్నాడు. మా ఆయనకు చెబితే, పాపం, ఏడాదంతా ఆయన ఏం తింటాడు మే అని నన్ను అడిగాడు. పరిహాసానికి కాదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

చిత్తూరు తీర్పు ఆ తర్వాత వచ్చింది. డబ్బాల ధర వాపసు ఇవ్వాలి, కాలికి నష్టపరిహారం కంపెనీ, అంగడి కలిసి ఇవ్వాలి, బిల్లు లేకుండా అమ్మడం మానాలి, తాము చెప్పింది అబద్ధమని కంపెనీ తెలుగు పత్రికలో తన ఖర్చుతో వెయ్యాలి. నటుడికి శిక్ష వేసే అధికారం తమది కాదు, అది ఢిల్లీవాళ్లు చూశారు అని ఆ భాగం ముగించారు. కంపెనీ వెంటనే సగం డబ్బు కట్టి విజయవాడలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసింది. అది నడుస్తూనే ఉంది. మూత ఫైలుతో పాటు వాళ్ల దగ్గరే ఉంది. పెట్టె మీద నేను ఒక పలక అడ్డం పెట్టాను.

తీర్పు ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగులో రాసివ్వమని, అక్షరాలు పెద్దవిగా ఉండాలని మాస్టరును అడిగాను. ఆయన లెక్కల మాస్టరు కాబట్టి ఏదీ వదలకుండా రాశాడు. ఇంటికి తెచ్చి మా ఆయన ముందు కూర్చుని, వేలు పెట్టి, పైకి చదివాను. కంపెనీ తప్పు చదివాను. అంగడి తప్పు చదివాను. ఒక చోట ఒక వరస దాటించి చదవబోయాను. చదువు రాని మనిషికి అది ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. నా వేలు దాటడం చూసి ఉంటాడు.

"వదిలిపెట్టినావు. అది సదువు."

చదివాను. ఫిర్యాదుదారు వైద్యుణ్ని అడగకుండా తన భర్త మందులను తానే ఆపించి, మిగిలిన మందులను అంగట్లో వాపసు ఇచ్చినట్లు తానే ఒప్పుకున్నందున, ఈ నష్టంలో ఆమె పాత్ర కూడా ఉన్నదని భావించి, పరిహారాన్ని ఆ మేరకు తగ్గించడమైనది.

"ఇంకోసారి," అన్నాడు.

రెండోసారి చదివాను. ఆయన కోడలిని పిలిచి మైదా ఉడికించమన్నాడు. ఆ కాగితాన్ని తన మంచం పక్క గోడకు, తన కళ్లకు ఎదురుగా అంటింపజేసుకున్నాడు. కోడలు మూలలు వంకర పెడితే సరిచేయించాడు. ఇప్పుడు చుట్టాలు వచ్చినా, పాల కేంద్రం ఆయన వచ్చినా, కాలు ఎట్లా పోయిందని అడిగితే మా ఆయన చెప్పడు. నన్ను పిలుస్తాడు. సంతకం తప్ప రాని మనిషి, ఆ వరస ఎక్కడుందో కర్ర మొనతో సరిగ్గా చూపిస్తాడు. నేను కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి చదువుతాను. కళ్లద్దాలు అక్కరలేదు. అక్షరాలు నేనే పెద్దవి రాయించాను.